బొరూవ్కా పెట్టిన చిన్న షరతు

బీటెక్‌లో మా అందరి చేతుల్లోనూ ఉండే డేటా స్ట్రక్చర్స్ పుస్తకం హొరోవిట్జ్, సాహ్నీలది. అందులో మినిమమ్ స్పానింగ్ ట్రీ దగ్గర మూడు పద్ధతులు ఉంటాయి. క్రస్కల్, ప్రిమ్, సోలిన్. మొదటి రెండూ పరీక్షల్లో తప్పకుండా వచ్చేవి. మూడోది ఎవరూ అడగరు కాబట్టి ఎవరూ చదవలేదు, నేనూ చదవలేదు. సోలిన్ అంటే ఎవరో ఫ్రెంచాయన అయి ఉంటాడనుకుని పేజీ తిప్పేశాను.

పదేళ్ళ తర్వాత ఉద్యోగంలో ఆ మూడో పద్ధతే మెడకి చుట్టుకుంది. ఆ కథ తర్వాత చెప్తాను. ముందు తెలిసిన విషయం ఏమిటంటే, సోలిన్ ఈ పద్ధతిని చెప్పింది 1960లలో. అప్పటికే దాన్ని కనీసం మూడు దేశాల్లో మూడుసార్లు కనిపెట్టేశారు. మొట్టమొదట కనిపెట్టినవాడు ఒటకార్ బొరూవ్కా. సంవత్సరం 1926. అంటే కంప్యూటర్ అనే యంత్రం ఇంకా పుట్టలేదు.

ఊరు బ్రనో. ఇప్పటి చెక్ దేశంలో మొరావియా అనే ప్రాంతానికి ముఖ్యపట్టణం. మొదటి ప్రపంచయుద్ధం అయిపోయింది, చెకోస్లోవాకియా కొత్తగా ఏర్పడింది, దక్షిణ మొరావియా పల్లెలకి కరెంటు లాగాలి. ఆ పని చేస్తున్నది పశ్చిమ మొరావియా విద్యుత్ కంపెనీ. అందులో పనిచేసే యిండ్రిక్ సాక్సెల్ అనే ఆయన బొరూవ్కాకి స్నేహితుడు. బొరూవ్కాకి అప్పుడు పాతికేళ్ళు దాటాయేమో, అంతే. మొదట సాంకేతిక విద్య చదివి తర్వాత గణితం వైపు మళ్ళినవాడు, అందుకని ఇంజనీర్ల మాట ఆయనకి అర్థమవుతుంది. సాక్సెల్ అడిగిన ప్రశ్న ఇది: ఇన్ని ఊళ్ళున్నాయి, ఏ ఊరికి ఏ ఊరు ఎంత దూరమో తెలుసు. అన్ని ఊళ్ళకీ కరెంటు చేరాలి, మొత్తం తీగ పొడవు మాత్రం అన్నిటికన్నా తక్కువ ఉండాలి. ఎట్లా?

తీగలు లాగే ఇంజనీరుకి ఇది డబ్బు లెక్క. రాగి తీగ, స్తంభాలు, కూలీ అన్నీ పొడవుని బట్టే. అన్ని రకాల వలల్నీ గీసి చూద్దామంటే పది ఊళ్ళకే పది కోట్ల చెట్లు గీయొచ్చు. ఈ లెక్క కేలీ సూత్రం నుంచి వస్తుంది: n ఊళ్ళకి n^(n-2). కాబట్టి గీసి చూడటం అయ్యే పని కాదు.

బొరూవ్కా చెప్పిన ఉపాయం ఒక్క వాక్యంలో పడుతుంది. ప్రతి ఊరూ తనకి అన్నిటికన్నా దగ్గరగా ఉన్న ఊరికి తీగ లాగాలి. అట్లా కలిసిన ఊళ్ళన్నీ ఒక గుంపు. తర్వాత ప్రతి గుంపూ తనలోంచి బయటికి పోయే తీగల్లో అతి చిన్నదాన్ని లాగాలి. ఒకే గుంపు మిగిలేదాకా ఇదే.

ఒక చిన్న ఉదాహరణ కాగితం మీద వేసుకుని చూడండి, ఐదు నిమిషాల పని. ఎనిమిది ఊళ్ళు: క, చ, ట, త, ప, మ, ర, స. వాటి మధ్య లాగడానికి వీలైన దారులు, కిలోమీటర్లలో:

```
క-చ 4    చ-ట 7    క-ట 9    ట-త 3
త-ప 8    ప-మ 2    మ-ర 6    ర-స 5
ప-స 11   చ-మ 10   త-ర 12
```

మొదటి విడత. క చూసుకుంటే దానికి 4, 9 ఉన్నాయి, 4 తీసుకుంటుంది, అంటే చ వైపు. చ కి 4, 7, 10 ఉన్నాయి, అది కూడా 4 అంటుంది. రెండూ ఒకే తీగని కోరుకున్నాయి కాబట్టి ఒకసారే లాగాలి. ఇట్లాగే ట, త ఒకదాన్నొకటి 3తో, ప, మ 2తో, ర, స 5తో ఎంచుకుంటాయి. ఎనిమిది ఊళ్ళు ఎనిమిది సార్లు కోరుకుంటే వచ్చినవి నాలుగు తీగలు. నాలుగు గుంపులు.

రెండో విడతలో ఊళ్ళని మర్చిపోయి గుంపుల్నే చూడాలి. కచ గుంపు నుంచి బయటికి పోయేవి 7, 9, 10. అది 7 ఎంచుకుంటుంది. టత గుంపు కూడా 7 నే. పమ గుంపుకి 6, 8, 10, 11 ఉన్నాయి, 6 తీసుకుంటుంది. రస కూడా 6. ఇప్పుడు గుంపులు రెండే: కచటత, పమరస. మూడో విడతలో ఈ రెంటి మధ్యా ఉన్న 8, 10, 12 లలోంచి 8. అయిపోయింది. మొత్తం 4 + 3 + 2 + 5 + 7 + 6 + 8, అంటే 35 కిలోమీటర్లు. ఎనిమిది ఊళ్ళకి ఏడు తీగలు.

ప్రతి విడతలోనూ ఏ గుంపూ ఒంటరిగా మిగలదు, కనీసం ఇంకొకదానితో కలుస్తుంది. కాబట్టి గుంపుల సంఖ్య ప్రతిసారీ సగానికో, అంతకన్నా తక్కువకో పడిపోతుంది. నా ఉదాహరణలో సరిగ్గా సగమైంది, అంటే అది అన్నిటికన్నా నెమ్మదైన సందర్భం. బొరూవ్కా తన వ్యాసంలో 40 చుక్కలతో బొమ్మ గీసి చూపించాడు. 40 చుక్కలకి ఎంత నెమ్మదిగా నడిచినా ఐదు విడతలు చాలు: 20, 10, 5, 2, 1.

ఇట్లా ఎవరి స్వార్థం వాళ్ళు చూసుకుంటే మొత్తం మీద మేలు ఎట్లా జరుగుతుందని అనుమానం రావాలి. నాకు వచ్చింది. జవాబు ఇట్లా ఉంటుంది. ఒక గుంపు నుంచి బయటికి పోయే అతి చిన్న తీగని వాడకుండానే ఎవరో ఒక మంచి వల గీశారనుకోండి. ఆ గుంపులోకి కరెంటు రావాలంటే ఆ వలలో వేరే ఏదో తీగ గుంపు సరిహద్దు దాటాలి. ఇప్పుడు మన చిన్న తీగని కూడా లాగితే వలలో ఒక చుట్టు ఏర్పడుతుంది. ఆ చుట్టులోనే సరిహద్దు దాటే పాత తీగ కూడా ఒకటి ఉంటుంది, అది మనదానికన్నా పొడుగు. దాన్ని కోసేస్తే ఊళ్ళన్నీ కలిసే ఉంటాయి, తీగ తగ్గుతుంది. అంటే వాళ్ళు గీసింది అతి తక్కువ పొడవు వల కాదన్నమాట. స్వార్థం గుంపుదే అయినా ఆ తీగ లేకుండా అతి చవక వల ఉండే వీలే లేదు.

ఈ లెక్క ఎక్కడ ఆగిపోతుందో కూడా చెప్పాలి. ఇట్లా వచ్చిన వలలో మిగులు తీగ ఒక్కటీ ఉండదు. నా ఉదాహరణలో త-ప తీగ తెగితే సగం ఊళ్ళు చీకటే. ఇంకోటి, తీగలు ఊళ్ళ దగ్గరే కలవాలని ఇందులో నియమం. పొలం మధ్యలో ఒక స్తంభం పాతి అక్కడ మూడు తీగల్ని కలిపితే కొన్నిసార్లు ఇంకా చవక. ఒక్కో భుజం 1 కిలోమీటరు ఉన్న త్రిభుజం మూలల్లో మూడు ఊళ్ళుంటే, ఊళ్ళ మధ్యే లాగితే 2 కిలోమీటర్లు, మధ్యలో కూడలి పెడితే దాదాపు 1.73. ఈ రెండో ప్రశ్న చాలా కష్టమైనది.

బొరూవ్కా దీన్ని 1926లోనే రెండుసార్లు అచ్చువేశాడు. ఒకటి గణితజ్ఞుల కోసం, బ్రనోలోని ప్రకృతి శాస్త్ర సంఘం పత్రికలో, 22 పేజీలు. శీర్షిక 'ఒకానొక కనిష్ట సమస్య గురించి'. రెండోది విద్యుత్ ఇంజనీర్ల పత్రికలో, రెండంటే రెండు పేజీలు. 2001లో ఈ రెంటికీ ఇంగ్లీషు అనువాదాలు వచ్చాయి, నేను చదివింది అవే. నిజం చెప్పాలంటే 22 పేజీల వ్యాసం చదవడం శిక్షే. అప్పటికి గ్రాఫ్ సిద్ధాంతానికి పాఠ్యపుస్తకం లేదు, కోనిగ్ రాసిన మొదటిది 1936లో గానీ రాలేదు. గ్రాఫ్ భాష వాడకుండా బొరూవ్కా అంతా మాత్రికల్లో, గుర్తుల మీద గుర్తులతో రాశాడు. చుక్కలు, గీతలు అంటే ఒక పేరాలో అయిపోయే మాట అక్కడ పేజీలకు పేజీలు సాగుతుంది. రెండు పేజీల వ్యాసం మాత్రం హాయిగా ఉంటుంది. చుక్కలు, దగ్గరి చుక్క, గుంపు, బొమ్మ. ఒకే మనిషి ఒకే ఏడాది ఒకే విషయం గురించి రాసిన ఈ రెంటిలో చదివించేది రెండోదే.

వ్యాసం చూసిన యార్నిక్ అనే ఇంకో చెక్ గణితజ్ఞుడు 1929లో బొరూవ్కాకి ఉత్తరం రాశాడు, ఇంకో సులువైన దారి ఉంది అని. ఒక ఊరి దగ్గర మొదలుపెట్టి ఒక్కో తీగా తగిలిస్తూ ఒకే గుంపుని పెంచుకుంటూ పోవడం. అది 1930లో అచ్చయింది, అదే శీర్షికతో. దాన్నే మనం ప్రిమ్ పద్ధతి అని చదివాం, ఎందుకంటే బెల్ ల్యాబ్స్‌లో ప్రిమ్ 1957లో దాన్ని మళ్ళీ కనిపెట్టాడు. ఇందాక చెప్పిన పొలం మధ్య స్తంభం ప్రశ్న మీద కూడా యార్నిక్, కొస్లర్ కలిసి 1934లో పనిచేశారు. అంటే మన సిలబస్‌లో సగం చెక్ భాషలో ముందే రాసి ఉంది, చదివేవాళ్ళే లేరు.

బొరూవ్కా పద్ధతి కూడా ఇట్లాగే మళ్ళీ మళ్ళీ పుట్టింది. 1938లో ఫ్రాన్స్‌లో షొకే, 1951లో పోలండ్‌లోని వ్రోత్స్వాఫ్‌లో స్టైన్‌హౌస్‌తో సహా ఐదుగురు, తర్వాత సోలిన్. పోలండ్ వాళ్ళది కరెంటు గొడవ కాదు, వర్గీకరణ గొడవ. దేనికి ఏది దగ్గరో చూసి వల అల్లి, అందులో పొడుగు తీగల్ని కోసేస్తే సహజమైన గుంపులు వస్తాయి అన్నది వాళ్ళ ఆలోచన.

నాకు ఆసక్తిగా అనిపించింది క్రస్కల్ సంగతి. 1956లో ఆయన రాసిన వ్యాసంలో బొరూవ్కా పేరు ఉంది. ఆయన దాచలేదు. బొరూవ్కా వ్యాసానికి టైపు చేసిన అనువాదం ఒకటి, ఎక్కడినుంచి వచ్చిందో తెలియనిది, చేతులు మారుతూ తిరిగిందని అందులోనే చెప్పాడు. దాన్ని చూశాకే ఆయనకి ఈ ప్రశ్న మీద ఆసక్తి కలిగింది. కాకపోతే బొరూవ్కా పద్ధతి అనవసరంగా మెలికలు తిరిగిందని ఆయన అభిప్రాయం. తీగలన్నిటినీ చిన్నదాని నుంచి పెద్దదాకా వరసలో పెట్టు, చుట్టు ఏర్పడని ప్రతిదాన్నీ తీసుకో. ఇంత తేలికైనది ఉండగా విడతలెందుకు, గుంపులెందుకు?

చేత్తో లెక్క చేసే మనిషికి, ఒకే ప్రాసెసర్ ఉన్న యంత్రానికి క్రస్కల్ మాట సబబే. కానీ ఆ వరసలో పెట్టడం అనేదానికి మొత్తం తీగల జాబితా ఒకచోట ఉండాలి. రెండో తీగ సంగతి తేలాకే మూడోది. యార్నిక్ పద్ధతి కూడా అంతే, ఒక్కో అడుగే. బొరూవ్కా పద్ధతిలో క ఏం ఎంచుకుంటుందో ప కి తెలియనక్కర్లేదు. ఒకే విడతలో అందరూ ఒకేసారి ఎంచుకోవచ్చు. 1926లో దీనివల్ల లాభమేమీ లేదు, మెలికలాగే కనబడుతుంది. చాలా ప్రాసెసర్లు ఒకేసారి పనిచేసే యంత్రాలు వచ్చాక అదే అక్కరకొచ్చింది. 1983లో గాలగర్, హంబ్లెట్, స్పైరా అనే ముగ్గురు, ఒక నెట్‌వర్క్‌లోని కంప్యూటర్లు తమ పక్కవాళ్ళతో మాత్రమే మాట్లాడుకుంటూ ఈ చెట్టుని అల్లుకునే పద్ధతి రాశారు. లోపల ఉన్నది ఇదే: ప్రతి ముక్కా తనలోంచి బయటికి పోయే అతి చవక తీగని వెతుక్కోవడం.

ఇక నా గోల.

మా పని కూడా వ్రోత్స్వాఫ్ వాళ్ళ పనే, వాళ్ళ పేరు తెలియకుండా చేశాం. ఒక నగరంలో లక్షల చోట్లు, వాటిని దగ్గరతనాన్ని బట్టి గుంపులు చేయాలి. వల అల్లి పొడుగు తీగలు కోయడమే. డేటా పెద్దది కాబట్టి పని నాలుగైదు థ్రెడ్లకి పంచేలా బొరూవ్కా పద్ధతి నేనే రాశాను. ప్రతి చోటుకీ దాని పొరుగుల జాబితా ఒకటి. అందులో చిన్నదాన్ని ఎంచుకుని, తను కలవబోయే గుంపుని `parent`లో రాసుకుంటుంది. ఇద్దరూ ఒకరినొకరు ఎంచుకుంటే చిన్న నంబరున్నవాడు పెద్ద. తర్వాత ప్రతివాడూ తన పెద్ద ఎవరో వెతుక్కుంటూ పైకి పోతాడు:

```python
while parent[c] != c:
    c = parent[c]
```

టెస్టులన్నీ పాసయ్యాయి. అసలు డేటా మీద వేస్తే ప్రోగ్రాం ఆగలేదు. తప్పు ఫలితం ఇచ్చినా బాగుండేది, ఫ్యాన్ తిరుగుతూనే ఉంది. రాత్రి పదకొండు దాకా కూర్చుని, మెమరీ అయి ఉంటుందని, థ్రెడ్ల తాళాలు అయి ఉంటాయని వెతికాను. థ్రెడ్ ఒక్కటే పెట్టినా అంతే. చివరికి ఆ లూప్‌లో ఏ నంబర్లు తిరుగుతున్నాయో ప్రింట్ చేసి చూస్తే మూడే నంబర్లు, అవే మళ్ళీ మళ్ళీ. ఒకటోవాడి పెద్ద రెండోవాడు, రెండోవాడి పెద్ద మూడోవాడు, మూడోవాడి పెద్ద ఒకటోవాడు. ముగ్గురి మధ్యా దూరాలు చూశాను. 120, 120, 120. దూరాల్ని ఎవరో మీటర్లకి సవరించి పూర్ణాంకాలుగా దాచారు. నా టెస్టుల్లో మాత్రం దశాంశాలతో యాదృచ్ఛిక సంఖ్యలు వాడాను, అవి ఎప్పుడూ సమానం కావు.

బొరూవ్కా వ్యాసం మొదట్లోనే ఒక షరతు ఉంటుంది: దూరాలన్నీ ఒకదానికొకటి వేరుగా ఉండాలి. అప్పటికి నేను ఆ వ్యాసం చదవలేదు. చదివినా ఆ వాక్యం దాటిపోయేవాణ్ణే, గణితం వాళ్ళు తమ సౌకర్యానికి పెట్టుకున్నదని. కానీ పద్ధతి నిలబడేది దాని మీదే. గుంపులు ఒకదాన్నొకటి ఎంచుకుంటూ చుట్టు తిరిగాయనుకోండి. రెండోవాడు ఎంచుకున్న తీగ, మొదటివాడు తనని చేరడానికి లాగినదానికన్నా పొడుగు కాకూడదు, ఎందుకంటే ఆ తీగ కూడా రెండోవాడికి అందుబాటులో ఉన్నదే. మూడోవాడిది రెండోవాడిదానికన్నా పొడుగు కాకూడదు. ఇట్లా తగ్గుతూ తగ్గుతూ తిరిగి మొదటివాడి దగ్గరికే రావాలంటే అన్నీ సమానమై తీరాలి. దూరాలన్నీ వేరువేరైతే అది కుదరదు, ఇద్దరూ ఒకే తీగని ఎంచుకోవడం ఒక్కటే చుట్టు. ఆ ఒక్కదాన్నే నా కోడ్ చూసుకుంది.

కోడ్‌లో ఎంచుకునే చోట `<=` ఉంది. దాన్ని `<` చేశాను, అయిపోయిందనుకున్నాను. అవ్వలేదు. ముందు సమానమైనవాటిలో ఆఖరుది తీసుకునేది, ఇప్పుడు మొదటిది తీసుకుంటోంది, అంతే తేడా. పొరుగుల జాబితాలో ఎవరు ముందుంటారన్నది ఒక్కో చోటుకి ఒక్కో రకం. త్రిభుజం ఈసారి రెండోవైపు తిరిగింది. కావలసింది అందరూ ఒప్పుకునే ఒకే వరస. ప్రతి తీగకీ రెండు చివరల నుంచి చూసినా ఒకటే ఉండే నంబరు ఇచ్చి, దూరం సమానమైతే ఆ నంబరుతో తేల్చాలి:

```python
if (w, e) < (best_w[c], best_e[c]):
    best_w[c], best_e[c] = w, e
```

దీంతో దూరాలు సమానమైనా జతలు సమానం కావు, బొరూవ్కా షరతు మళ్ళీ నెరవేరుతుంది. పైన చెప్పిన ముగ్గురు కూడా 1983లో ఇదే చేశారు: సమానమైన తీగలుంటే చివరల్లోని కంప్యూటర్ల గుర్తింపు సంఖ్యల్ని వెనక తగిలించమన్నారు. ఈ పద్ధతి రాసేవాళ్ళకి ఇంకో చిన్న కాపలా చెప్తాను. చివర్లో తీగలు లెక్కపెట్టండి. n చోట్లు అన్నీ కలవగలిగేవే అయితే సరిగ్గా n-1 రావాలి. ఎక్కువొస్తే ఎక్కడో చుట్టు ఉంది. ప్రతి విడతలోనూ లెక్కపెడితే ఇంకా ముందే దొరుకుతుంది: ఎన్ని గుంపులు తగ్గాయో అన్నే కొత్త తీగలు రావాలి.

మర్నాడు కోడ్ చూసిన మా జూనియర్ అడిగాడు, "అన్నా, సమానం అయితే ఏం చేయాలో పుస్తకంలో రాయలేదా?" అని. ఇద్దరం పాత పుస్తకం పీడీఎఫ్ తెరిచి సోలిన్ పేజీ చూశాం. రెండు చెట్లు ఒకే తీగని ఎంచుకుంటే ఒకటి తీసేయమని ఉంది. సమానమైన తీగల వల్ల చుట్టు రాకుండా చూసుకోవాలని కూడా ఉంది. నేను తిప్పేసిన పేజీలోనే.

బొరూవ్కా ఆ రెండు వ్యాసాల తర్వాత పారిస్ వెళ్ళి కార్తాన్ దగ్గర అవకలన జ్యామితి మీద పనిచేశాడు. తిరిగొచ్చి బ్రనోలోనే ఆచార్యుడిగా జీవితమంతా గడిపాడు, ఎక్కువగా బీజగణితం, అవకలన సమీకరణాలు. తీగల లెక్క ఆయనకి పడుచుతనంలో ఒక స్నేహితుడి కోసం చేసిన పని. కార్గర్, క్లైన్, టార్జన్ అనే ముగ్గురు ఆ విడతలకి యాదృచ్ఛిక ఎంపికని జోడించి, సగటున తీగల సంఖ్యకి అనుపాతంలో మాత్రమే సమయం పట్టే పద్ధతిని అచ్చువేసింది 1995లో. ఆ ఏడాదే జులైలో, 96 ఏళ్ళ వయసులో, బొరూవ్కా బ్రనోలో చనిపోయాడు.